ప్రొబేషన్‌లో ఉండగా మూడు రోజుల సెలవు అడగడం ఎలా?

కొత్త ఉద్యోగంలో చేరి రెండు మూడు నెలలైనా కాదు, ఇంట్లో పెళ్లి కుదురుతుంది. వెంటనే టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడే లీవ్ అడిగితే ఏమనుకుంటారు? కన్ఫర్మేషన్ ఆపేస్తారా? అసలు ప్రొబేషన్‌లో సెలవు ఇస్తారా? కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివే. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి. పనిమీద శ్రద్ధ లేదన్న అనుమానం మేనేజర్‌కు రోజుల లెక్క చూసి రాదు. ఎప్పుడు చెప్పారు, మీరు లేని రోజుల్లో పని ఎవరు చూస్తారో చెప్పారా, చెప్పిన రోజుకు తిరిగి వచ్చారా అన్నది చూసి వస్తుంది. నెల ముందు చెప్పి తీసుకున్న మూడు రోజుల కన్నా, పొద్దున్నే మెసేజ్ పెట్టి డుమ్మా కొట్టిన ఒక్క రోజే కన్ఫర్మేషన్ దగ్గర ఎక్కువగా గుర్తొస్తుంది.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ పట్టుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో నవంబర్ 2న చేరారు. ప్రొబేషన్ ఆరు నెలలు, అంటే మే 1 వరకు. జీతం నెలకు 36,000. అక్క పెళ్లి రాజమండ్రిలో. ఫిబ్రవరి 17 బుధవారం పెళ్లికూతుర్ని చేయడం, 18 గురువారం రాత్రి ముహూర్తం, 19 శుక్రవారం అప్పగింతలు. కావలసినవి మూడు రోజులు.

ముందు చేతిలో ఉండాల్సినవి

- అపాయింట్‌మెంట్ లెటర్ (ఆఫర్ లెటర్ కాదు, చేరాక ఇచ్చినది)
- కంపెనీ లీవ్ పాలసీ, ఈ ఏడాది హాలిడే లిస్టు
- లీవ్ పోర్టల్‌లో ఇప్పుడు మీ ఖాతాలో ఉన్న లీవుల సంఖ్య
- ఆ వారంలో మీ టీమ్‌కు ఏ పని ఉందో తెలిపే క్యాలెండర్
- జీతాల లెక్క ఏ తేదీకి మూసేస్తారో ఆ తేదీ (చాలా చోట్ల 20కీ 25కీ మధ్య ఉంటుంది)

1. లెటర్‌లో, పాలసీలో నాలుగు విషయాలు వెతకండి

మొదటిది, ప్రొబేషన్‌లో ఏ లీవులు వాడుకోవచ్చు అన్నది. చాలా కంపెనీల్లో క్యాజువల్, సిక్ లీవులు నెలనెలా కొద్దికొద్దిగా ఖాతాలో పడతాయి. ఎర్న్‌డ్ లీవ్ మాత్రం కన్ఫర్మ్ అయ్యాకే వాడుకోనిస్తారు. మన ఉదాహరణలో నెలకు ఒక క్యాజువల్ లీవ్ అనుకుందాం. ఫిబ్రవరికి నాలుగు వచ్చాయి, సంక్రాంతికి రెండు వాడారు, మిగిలినవి రెండు. కావలసినవి మూడు. కాబట్టి ఒక రోజు జీతం లేని సెలవు, అంటే లాస్ ఆఫ్ పే అవుతుంది.

రెండోది, ఆ ఒక్క రోజుకు ఎంత కోస్తారు. కొన్ని చోట్ల ఏ నెలైనా 30తో భాగిస్తారు. అప్పుడు 36,000కు రోజుకు 1,200. కొన్ని చోట్ల ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నింటితో భాగిస్తారు. ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి అదే ఒక్క రోజు దాదాపు 1,286 అవుతుంది. తేడా చిన్నదే కానీ ముందే తెలిసి ఉంటే పేస్లిప్ చూసి కంగారు పడరు.

మూడోది శాండ్‌విచ్ రూల్. శుక్రవారం, సోమవారం రెండు రోజులే సెలవు పెట్టినా, మధ్యలోని శని, ఆదివారాలను కూడా కలిపి నాలుగు రోజుల సెలవుగా లెక్కగట్టే కంపెనీలున్నాయి. అలాంటి చోట ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఉన్న కాసిని లీవులూ ఒక్కసారికే అయిపోతాయి. మన ఉదాహరణలో బుధ, గురు, శుక్ర సెలవు పెట్టి సోమవారం ఆఫీసుకు వస్తున్నారు కాబట్టి ఈ గొడవ లేదు. కానీ ‘పనిలో పని సోమవారం కూడా పెట్టేద్దాం’ అనుకుంటే, మూడు రోజులు కాస్తా నాలుగు కాదు, ఆరవుతాయి. రెండు లీవులు పోను నాలుగు రోజుల జీతం, అంటే 4,800 పోతుంది.

నాలుగోది చాలామంది చదవరు. ‘ప్రొబేషన్‌లో తీసుకున్న సెలవు రోజుల మేరకు ప్రొబేషన్ పొడిగించబడుతుంది’ అనే వాక్యం కొన్ని లెటర్లలో ఉంటుంది. కొన్ని చోట్ల జీతం లేని సెలవుకే ఇది వర్తిస్తుంది, కొన్ని చోట్ల అన్ని సెలవులకూ. మన లెక్కలో ఒక రోజుకైతే కన్ఫర్మేషన్ మే 1 నుంచి 2కు జరుగుతుంది, అంతే. దానివల్ల నష్టమేమీ లేదు. పది పన్నెండు రోజులు తీసుకునేవాళ్లు మాత్రం దీన్ని గట్టిగా చూసుకోవాలి.

చట్టం మాట కూడా ఒకసారి చెప్పేస్తాను. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ప్రైవేటు ఆఫీసులకు వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో మొదటి పన్నెండు నెలల సర్వీసులోనే 12 రోజుల వరకు క్యాజువల్, 12 రోజుల వరకు సిక్ లీవ్ అని ఉంది. 15 రోజుల ఎర్న్‌డ్ లీవ్‌కు మాత్రం ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. కాబట్టి ప్రొబేషన్‌లో సెలవు అడగడం తప్పేమీ కాదు. అయితే ఇది మీ ధైర్యానికి తెలుసుకోవలసిన సంగతే. అక్క పెళ్లికి మూడు రోజులు అడుగుతూ మేనేజర్ ముందు చట్టం తీస్తే, ఇచ్చే సెలవు కూడా చేదైపోతుంది.

2. రోజులు తేల్చుకోండి: కావలసినవి, తప్పనివి

ఇంట్లో వాళ్లనడిగితే ‘వారం రోజులైనా ఉండకపోతే ఎలా?’ అంటారు. మీరు రెండు లెక్కలు వేసుకోవాలి. ఒకటి, అడగబోయే రోజులు. రెండు, ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోలేని రోజులు. మన ఉదాహరణలో అడిగేవి మూడు, వదులుకోలేనివి రెండు (గురు, శుక్ర). పెళ్లికూతుర్ని చేసే వేడుకకు లేకపోతే బాధే కానీ, బుధవారం పనిచేసి ఆ రాత్రి బస్సెక్కినా ముహూర్తానికి ఉంటారు. ఈ రెండో లెక్క మేనేజర్‌కు చెప్పకండి. ఆయన ‘మూడు కష్టం’ అన్నప్పుడు తడుముకోకుండా జవాబివ్వడానికి అది మీ దగ్గర ఉండాలి.

ప్రయాణాన్ని కూడా ఇక్కడే కలపండి. మంగళవారం పని ముగించుకుని రాత్రి రైలెక్కితే ఒక రోజు మిగులుతుంది. తిరుగు ప్రయాణం ఆదివారం పగలే పెట్టుకోండి. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం తెల్లవారుజామున దిగి నేరుగా ఆఫీసుకు వెళ్దామనుకుంటే, రైలు రెండు గంటలు ఆలస్యమైతే చాలు, మీరు ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది.

టిక్కెట్ల విషయంలో ఒక చిక్కుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, మీరు లీవ్ అడిగేది నెల ముందు. కాబట్టి టిక్కెట్ ముందే కొనుక్కోవచ్చు, తప్పు లేదు. సెలవు రాకపోతే క్యాన్సిల్ చేసుకుంటారు, కొంత డబ్బు పోతుంది. అయితే అడిగేటప్పుడు ‘టిక్కెట్లు బుక్ చేసేశాను’ అన్న మాట మాత్రం నోట రానీయకండి. అంతా నిర్ణయించుకుని వచ్చి పేరుకు అడుగుతున్నారని ఆయనకు అనిపిస్తుంది.

సంక్రాంతి గురించి ప్రత్యేకంగా ఒక మాట. నవంబర్, డిసెంబర్‌లలో చేరినవాళ్లు జనవరిలో సంక్రాంతికి రెండు రోజులు పెట్టి, మాఘమాసం ముహూర్తాలు రాగానే మళ్లీ పెట్టవలసి వస్తుంది. పెళ్లి ఉందని ముందే తెలిస్తే సంక్రాంతికి హాలిడే లిస్టులో ఉన్న రోజులతోనే సరిపెట్టుకోండి. మన ఉదాహరణలో అలా చేసి ఉంటే నాలుగు లీవులూ ఉండేవి, జీతమూ పోయేది కాదు.

3. ఎప్పుడు అడగాలో చూసుకోండి

మూడు రోజులకు మూడు నాలుగు వారాల ముందు అడగండి. అయితే ఎన్ని వారాల ముందు అన్నదానికన్నా, ఆ వారం పని పంచకముందే అడిగారా అన్నది ముఖ్యం. సాఫ్ట్‌వేర్ టీముల్లో రెండు వారాలకొకసారి స్ప్రింట్ ప్లానింగ్ ఉంటుంది. ఫిబ్రవరి 8 సోమవారం ప్లానింగ్ అయితే, మీ మాట జనవరి 20 ప్రాంతంలోనే చేరాలి. అప్పుడు మీకు పది రోజుల పనికి బదులు ఏడు రోజుల పని ఇస్తారు, కథ ముగుస్తుంది. ప్లానింగ్ అయ్యాక అడిగితే, ఇప్పటికే పంచిన పనిని మరొకరి నెత్తిన వేయాలి. అదే సెలవు, అదే మూడు రోజులు, కానీ ఇప్పుడది ఇంకొకరికి భారం.

మిగతా ఉద్యోగాలకూ ఇలాంటి తేదీలుంటాయి. అకౌంట్స్‌లో ఉంటే నెలలో 7 (టీడీఎస్ కట్టేది), 11, 20 (జీఎస్టీ రిటర్నులు) దగ్గర్లో అడగకండి, ఆ రోజులకు సెలవూ పెట్టకండి. ఆసుపత్రిలో నర్సులు, ల్యాబ్‌వాళ్లు డ్యూటీ లిస్టు వేయకముందే చెప్పాలి. బట్టల షాపులో చేరి దసరా ముందు సెలవు అడిగితే కుదరడం కష్టం. టీచర్లకు పరీక్షలు, పేపర్లు దిద్దే రోజులు తెలిసినవే.

కొత్త బ్యాచ్‌గా ట్రైనింగ్‌లో ఉన్న ఫ్రెషర్లు ఇంకో విషయం చూసుకోవాలి. ట్రైనింగ్‌లో హాజరు శాతం, అసెస్‌మెంట్ తేదీలు ఉంటాయి. అసెస్‌మెంట్ రోజున లేకపోతే తర్వాతి బ్యాచ్‌తో రాయమనవచ్చు. కాబట్టి ట్రైనర్‌ను మొదట అడగవలసింది ‘ఆ మూడు రోజుల్లో టెస్టు ఏమైనా ఉందా?’ అని.

ఇక, ఉద్యోగంలో చేరకముందే పెళ్లి తేదీ ఖాయమై ఉంటే చేరేదాకా దాచకండి. ఆఫర్ వచ్చాక, జాయినింగ్ తేదీ మాట్లాడుకునేటప్పుడే హెచ్ఆర్‌కు చెప్పి, వాళ్ల జవాబు మెయిల్‌లో తీసుకోండి. అది చెప్పుకోవడానికి అంతకన్నా తేలికైన సమయం మళ్లీ రాదు. చేరాక మేనేజర్‌కు మరోసారి చెప్పడం మరవకండి, హెచ్ఆర్‌కు చెప్పింది ఆయనదాకా వెళ్లి ఉండకపోవచ్చు.

4. మొదట నోటితో అడగండి

వరుస ఇది: ముందు మేనేజర్‌తో మాట, తర్వాత మెయిల్, ఆ తర్వాత పోర్టల్. ఈ వరుస తిరగబడితేనే ఎక్కువ గొడవలు. మాట చెప్పకుండా పోర్టల్‌లో పెడితే, మేనేజర్‌కు అది ఫోన్‌లో ఒక నోటిఫికేషన్‌గా కనపడుతుంది. మీ ముఖమైనా సరిగ్గా గుర్తులేని కొత్త ఉద్యోగి మూడు రోజుల సెలవు అంటే ఏ మేనేజరైనా ఒక్క క్షణం ఆగుతాడు.

వారంవారం ఆయనతో విడిగా మాట్లాడే సమయం ఉంటే అందులో అడగండి. లేకపోతే ‘అయిదు నిమిషాలు మాట్లాడాలి సార్, ఎప్పుడు వీలవుతుంది?’ అని అడిగి తీసుకోండి. ఆయన బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే కాల్ చేయండి. టీమ్ గ్రూప్‌లో అడగకండి. అందరి ముందు అవునననూ లేరు, కాదననూ లేరు.

మాట ఇలా ఉంటే చాలు:

‘సార్, ఫిబ్రవరి 18న రాజమండ్రిలో మా అక్క పెళ్లి. 17, 18, 19 మూడు రోజులు సెలవు కావాలి. 22 సోమవారం ఉదయం వచ్చేస్తాను. ఎనిమిదో తేదీ ప్లానింగ్‌కు ముందే చెబుదామని ఇప్పుడు అడుగుతున్నాను. ఆ తేదీల్లో రిలీజ్ ఏమీ ఉన్నట్టు లేదు, నేను చూసింది సరైనదేనా?’

చివరి ప్రశ్నను గమనించండి. ఆయన మొదట ఆలోచించేది ఆ తేదీల్లో ఏముందనే. ఆ పని మీరు ముందే చేసి, సరిచూడమని అడుగుతున్నారు. క్యాలెండర్‌లో లేని క్లయింట్ డెమో ఏదైనా ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

మేనేజర్ వేరే రాష్ట్రం వారో, విదేశీయులో అయితే ‘పెళ్లికి మూడు రోజులెందుకు?’ అన్న సందేహం రావచ్చు. రోజుకొక వాక్యం చెప్పండి: బుధవారం ఇంట్లో వేడుక, గురువారం రాత్రి పొద్దుపోయాక ముహూర్తం, శుక్రవారం అక్కను సాగనంపడం. అంతకుమించి వద్దు. ఇంట్లో మగదిక్కు మీరేనని, నాన్నగారికి ఒంట్లో బాగుండదని చెప్పుకుంటూ పోతే, సెలవుకు కారణం చాలదని మీరే ఒప్పుకున్నట్టుంటుంది. అక్క పెళ్లి అన్న రెండు మాటలే చాలినంత కారణం.

‘క్షమించండి సార్, చేరి మూడు నెలలే అయింది, అడగకూడదు కానీ’ అని మొదలుపెట్టకండి. అడగకూడదేమో అన్న ఆలోచన ఆయనకు లేకపోయినా మీరే అందించినట్టవుతుంది.

5. అదే రోజు మెయిల్ పెట్టండి

నోటిమాటగా ‘సరే, చూద్దాం’ అన్నది ఒప్పుకోలు కాదు. ఆయన నెల తర్వాత మరచిపోవచ్చు, టీమే మారవచ్చు. అదే రోజు సాయంత్రంలోగా చిన్న మెయిల్ పెట్టండి. మీ ఆఫీసులో ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి ఈ వరుసనే ఇంగ్లీషులో పెట్టుకోండి:

‘ఈ రోజు మాట్లాడుకున్నట్టు, అక్క పెళ్లికి ఫిబ్రవరి 17 నుంచి 19 వరకు మూడు రోజులు సెలవు కోరుతున్నాను. 22 సోమవారం ఉదయం 9.30కు డ్యూటీలో ఉంటాను. నా ఖాతాలో రెండు క్యాజువల్ లీవులున్నాయి, మూడో రోజు లాస్ ఆఫ్ పేగా తీసుకుంటాను. నా పని ఎవరు చూస్తారో, ఏది ఎక్కడ ఉందో 15వ తేదీకల్లా రాసి పంపిస్తాను. మీరు ఒప్పుకుంటే పోర్టల్‌లో పెడతాను.’

లాస్ ఆఫ్ పే సంగతి మీరే రాయడం వల్ల రెండు లాభాలు. పాలసీ చదివారని తెలుస్తుంది. లీవులు చాలవన్న కారణంతో ఆపడానికి తావుండదు.

6. పని అప్పగింత

నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఇక్కడే. ప్రొబేషన్‌లో మీరు ఎంత బాధ్యతగా ఉంటారో చూపించడానికి మామూలు రోజుల్లో దొరకని అవకాశమిది. ‘నా పని అంతా అప్పగించాను’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. టెస్టింగ్ ఉద్యోగి నోట్ ఇలా ఉండాలి:

- లాగిన్ స్క్రీన్: 14 టెస్టుల్లో 11 అయ్యాయి. మిగిలిన మూడు ఓటీపీవి, సర్వర్ మార్పు వచ్చాకే చేయాలి. శుక్రవారంలోగా రాదని డెవలపర్ చెప్పారు, కాబట్టి సోమవారం నేనే చేస్తాను.
- పాస్‌వర్డ్ రీసెట్ బగ్: డెవలపర్ దగ్గర ఉంది. బుధవారం సరిచేసి పంపితే ఒకసారి మళ్లీ చూడాలి. పది నిమిషాల పని. అడుగులన్నీ బగ్‌లోనే రాశాను.
- టెస్ట్ డేటా షీట్: టీమ్ ఫోల్డర్‌లో ఉంది. రెండో ట్యాబ్ మాత్రమే వాడాలి, మొదటిది పాతది.

ఇది చదివినవారికి తాము చేయవలసింది ఒక్క రెండో అంశమేనని వెంటనే తెలిసిపోతుంది. నోట్ పంపేముందు ఆ సహోద్యోగిని నేరుగా అడిగి ఒప్పించండి. అడగకుండా పేరు రాసేస్తే మీకు సాయం చేద్దామనుకున్నవారు కూడా చిన్నబుచ్చుకుంటారు.

జాగ్రత్త: నోట్‌లో మీ పాస్‌వర్డ్ ఎప్పుడూ రాయకండి. అవతలివారికి అనుమతి లేకపోతే మేనేజర్ ద్వారా ఇప్పించండి. పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని కంపెనీలు పెద్ద తప్పుగా చూస్తాయి, ప్రొబేషన్‌లో అయితే మరీను.

‘బుధవారం ఊళ్లోనుంచే పనిచేస్తాను, లీవ్ ఎందుకు?’ అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పెళ్లింట్లో అది జరగదు. నెట్ ఉండదు, ఉన్నా పక్కన సన్నాయి మోగుతుంటుంది, పదిన్నర మీటింగ్‌లో ఉండగా పెద్దమ్మ వచ్చి అరటాకులు లెక్కపెట్టమంటుంది. సగం సగం పని చేసినవాళ్లుగా గుర్తుండిపోవడం కన్నా ఒక రోజు లీవ్ పోవడమే మేలు. అలాగే ‘ఎప్పుడు కావాలన్నా ఫోన్ చేయండి’ అని మాటివ్వకండి. ‘సాయంత్రం ఆరింటికి ఒకసారి మెసేజ్‌లు చూస్తాను, ముహూర్తం రోజున మాత్రం కుదరదు’ అని చెప్పి, అలాగే చూడండి.

7. పోర్టల్‌లో పెట్టండి, వదిలేయకండి

మేనేజర్ మెయిల్‌లో ఒప్పుకున్న రోజే పోర్టల్‌లో పెట్టండి. లీవ్ రకం సరిగ్గా ఎంచుకోండి. బంధువుల పెళ్లికి సిక్ లీవ్ ఎంచుకోవడం పనికిరాదు. స్థితి Pending అని ఉంటే మీకింకా సెలవు రానట్టే. Approved అని కనపడేదాకా చూసుకోండి. నాలుగైదు రోజులైనా మారకపోతే ఒక చిన్న మెసేజ్‌తో గుర్తుచేస్తే చాలు: ‘సార్, 17 నుంచి 19 వరకు పెట్టిన లీవ్ మీ దగ్గర పెండింగ్‌లో ఉంది, వీలు చూసుకుని అప్రూవ్ చేయగలరు.’ జీతాల లెక్క 25న మూసేస్తే, అప్పటికీ పెండింగ్‌లో ఉన్న రోజులు గైర్హాజరుగా పడిపోవచ్చు.

శుభలేఖలు అచ్చయి వచ్చాక మేనేజర్‌కు, టీమ్‌కు స్వయంగా ఇచ్చి పిలవండి. అయితే సెలవు అడిగేటప్పుడు దాన్ని ఆధారంగా జతచేయకండి. హెచ్ఆర్ అడిగితే అప్పుడు పంపొచ్చు.

8. తిరిగి వచ్చిన రోజు

సోమవారం చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే ఉండండి. మొదట మీ పని చూసిన సహోద్యోగి దగ్గరికి వెళ్లి ఏం జరిగిందో కనుక్కోండి, మిగిలింది వెనక్కి తీసుకోండి. తర్వాత మేనేజర్‌కు రెండు ముక్కల్లో చెప్పండి: ‘వచ్చేశాను సార్, రీసెట్ బగ్ సరైపోయింది, ఓటీపీ టెస్టులు ఈ రోజు మొదలుపెడుతున్నాను.’ కాకినాడ కాజానో పూతరేకులో తెచ్చి ఉంటే అవి మధ్యాహ్నానికి.

ఒప్పుకోకపోతే

‘కుదరదు’ అన్నప్పుడు ఒకే ప్రశ్న అడగండి: ‘రోజుల సంఖ్యతో ఇబ్బందా సార్, ఆ తేదీలతోనా?’ సంఖ్యతో అయితే మీ రెండో లెక్క తీయండి: ‘బుధవారం పనిచేసి గురు, శుక్ర మాత్రం వెళ్తాను.’ తేదీలతో అయితే, అంటే గురువారం రిలీజ్ ఉంటే, అంతకుముందు శని, ఆదివారాల్లో మీ వంతు పని పూర్తిచేస్తానని చెప్పండి, నిజంగా చేయగలిగితేనే. అక్క పెళ్లి ముహూర్తం మారదని మర్యాదగా, స్పష్టంగా చెప్పవచ్చు.

అప్పటికీ ముహూర్తం రోజుకు కూడా ఇవ్వకపోతే, మేనేజర్‌కు చెప్పాకే హెచ్ఆర్‌తో మాట్లాడండి: ‘సార్, పాలసీలో దారి ఏమైనా ఉందేమో హెచ్ఆర్‌ను అడుగుతాను.’ ఆయనకు తెలియకుండా వెళ్లకండి. రాజీనామా మాట ఎత్తకండి. చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. దాన్ని అనుమతి లేని గైర్హాజరుగా రాస్తారు, ప్రొబేషన్‌లో అందుకే ఉద్యోగం పోవచ్చు.

అనుకోకుండా వస్తే

జ్వరమొస్తే డ్యూటీ మొదలయ్యేలోపు మెసేజ్ పెట్టండి. డాక్టర్ చీటీ, బిల్లు దాచండి.

దగ్గరివాళ్లు పోయినప్పుడు మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. మీరు మాట్లాడలేకపోతే ఇంట్లో మరొకరితో చేయించినా పరవాలేదు. మొదటి ఫోన్‌లోనే రెండు విషయాలు చెప్పండి: ఇప్పుడు ఇన్ని రోజులు, మళ్లీ పదకొండో రోజు దగ్గర పెద్దకర్మకు రెండు రోజులు. ఈ ఆచారం తెలియని మేనేజర్‌కు, పది రోజుల తర్వాత మళ్లీ సెలవు అడిగితే అది కొత్త సెలవులా కనపడుతుంది. ముందే చెబితే రెండూ ఒకటేనని అర్థమవుతుంది. ఆ సమయంలో పోర్టల్, నోట్ ఏవీ పట్టించుకోనక్కర్లేదు, వచ్చాక చేసుకోవచ్చు.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా చెడ్డది, పెళ్లికి వెళ్తూ జ్వరమని చెప్పడం. పెళ్లి ఫొటోలు మీరు పెట్టకపోయినా మీ బావగారి తమ్ముడు పెడతాడు, మిమ్మల్ని ట్యాగ్ చేస్తాడు. అది బయటపడితే ప్రశ్న మూడు రోజుల సెలవు గురించి కాదు, ఇకపై మీరు చెప్పే ఏ మాటను నమ్మాలన్నది.

రెండోది, విడతలుగా అడగడం. మొదట రెండు రోజులని, వారం తర్వాత ఇంకొకటని, రాజమండ్రి వెళ్లాక ఫోన్ చేసి ‘సోమవారం కూడా’ అని అడుగుతారు. మూడు ఒక్కసారే అడిగితే పోయేదేమీ లేదు. ఊరెళ్లాక పొడిగించడమే నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది.

మూడోది, సెలవుకు ముందు వారం మనసు ఊరెళ్లిపోవడం. చీరలు, లైటింగ్‌వాడు, బంధువుల ఫోన్లు. ఆ వారం నాలుగుసార్లు బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడితే, మూడు రోజుల సెలవు అందరి కళ్లకు ఎనిమిది రోజుల సెలవుగా కనపడుతుంది. భోజన విరామంలో మాట్లాడుకోండి.

అంతా సరిగ్గా అయిందో చూసుకోండి

వచ్చిన వారంలో పోర్టల్‌లో అటెండెన్స్ తెరిచి 17, 18, 19 మూడింటికీ లీవ్ అనే పడిందో లేదో చూడండి. మంగళవారం రాత్రి రైలుకు కాస్త ముందుగా వెళ్లి ఉంటే 16వ తేదీ సగం రోజుగా పడి ఉండవచ్చు. అలా ఉంటే రెగ్యులరైజేషన్ పెట్టి, 25 లోపు మేనేజర్‌తో అప్రూవ్ చేయించండి. ఫిబ్రవరి పేస్లిప్ వచ్చాక లాస్ ఆఫ్ పే దగ్గర 1 అని ఉండాలి, కోత 1,200 లేదా 1,286 ఉండాలి. 3 అని పడితే, లీవుల ఖాతాలో రెండు ఇంకా అలాగే ఉన్నాయా చూడండి. ఉంటే పోర్టల్‌లో రకం తప్పుగా ఎంచుకున్నట్టు. Approved అని ఉన్న పేజీ, మేనేజర్ మెయిల్ జతచేసి పేరోల్‌వాళ్లకు రాస్తే వచ్చే నెల జీతంలో సరిచేస్తారు.

ఏప్రిల్‌లో, కన్ఫర్మేషన్‌కు మూడు వారాల ముందు, మీ తేదీ మే 1 అనే ఉందా, 2కు జరిగిందా అని హెచ్ఆర్‌ను ఒక మెయిల్‌లో అడగండి. ఒక రోజుకు మించి జరిగి ఉంటే, ఏ సెలవును ఎలా లెక్కగట్టారో అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.